అలంపూర్‌లో ముప్పై తొమ్మిది డిగ్రీలు

నా భార్య పోయిన ఎండాకాలంలో నేను చేసిన పని ఒక్కటే. షాపులో కంప్యూటర్ తెర మీద గడియారం కట్టడం.

మహబూబ్‌నగర్‌లో బస్టాండుకు దగ్గరగా మాది ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు డిజైన్ చేసే షాపు. నేనూ, ఫొటోలు తీసే ఒక భాయూ కలిసి పెట్టుకున్నాం. మాది మగ్గం నేసే ఇల్లు. తొంభైల్లో టైపు నేర్చుకుని ఊరు విడిచాను, తర్వాత కంప్యూటర్‌కు వచ్చాను. నా భార్యకు కిడ్నీలు చెడిపోయాయి. చాలాకాలం దవాఖాన చుట్టూ తిరిగాం. చివరికి ఒక పొద్దున ఆమె పోయింది. నేను ఏడవలేదు. చూసినవాళ్లు గట్టి మనిషి అనుకున్నారు. గట్టిదనం కాదు, లోపల ఏమీ కదల్లేదు, అంతే.

కర్మకాండలయ్యాక షాపుకు వచ్చాను. భాయ్ నాకు పని చెప్పడానికి మొహమాటపడి, వచ్చిన ఫ్లెక్సీలన్నీ తనే చేసుకుంటున్నాడు. నేను ఖాళీ తెర ముందు కూర్చునేవాణ్ని. ఒకరోజు ఇంటర్నెట్‌లో ఎవరిదో డెస్క్‌టాప్ బొమ్మ కనబడింది. ఐకాన్లు లేవు. నల్లటి కొండ బొమ్మ మీద సన్నని అంకెల్లో టైము, పక్కన వాతావరణం, కింద కంప్యూటర్ ఎంత పని చేస్తున్నదో చూపే గీతలు. రెయిన్‌మీటర్ అనే ప్రోగ్రామ్‌తో చేశారట. దించుకున్నాను.

దాంట్లో ఒక్కొక్క ముక్కను స్కిన్ అంటారు. స్కిన్ అంటే లోపల మామూలు నోట్‌ప్యాడ్ ఫైలే. సమాచారాన్ని తెచ్చేది ఒక భాగం, దాన్ని తెర మీద చూపేది ఇంకో భాగం. టైము తెమ్మని ఒకచోట రాయాలి, ఏ ఫాంటులో, ఎంత సైజులో, ఏ మూల నిలబెట్టాలో ఇంకోచోట రాయాలి. సేవ్ చేసి, రిఫ్రెష్ కొడితే తెర మీదికి వస్తుంది. తప్పు రాస్తే రాదు. నాకు అప్పుడు అలాంటిదే కావాలేమో. ఎవరూ ఓదార్చరు, రాసింది సరిగా ఉంటే కనబడుతుంది, లేకుంటే లేదు.

వారం పేర్లు తెలుగులో పెట్టాలనుకున్నాను. సోమవారం అని రాస్తే తెర మీద పిచ్చి గుర్తులు వచ్చాయి. ఫైలును అన్ని భాషల అక్షరాలూ పట్టే యూనికోడ్‌లో సేవ్ చేయాలని తెలియడానికి ఒక పూట పట్టింది. సోమవారం సరిగ్గా కనబడ్డాక కూడా సంతోషం అనిపించలేదు. మంగళవారం రాయడం మొదలుపెట్టాను.

తర్వాత ప్రాసెసర్‌కు ఒక గుండ్రటి గీత, మెమరీకి ఒకటి పెట్టాను. గడియారం చుట్టూ ఒక వలయం తిరిగేట్టు చేశాను. అది కుదుపు లేకుండా తిరగాలని సెకనుకు ఒకసారి కాక, ముప్పైసార్లు గీయమన్నాను. ఆ మధ్యాహ్నం భాయ్ తన ఫైలు తెరవడానికి నా కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. పెద్ద ఫ్లెక్సీ. తెరుచుకోదు, తెరుచుకోదు.

"ఏంది తమ్మీ, గీ మిషన్ ఏం మోస్తాంది?"

ప్రాసెసర్ గీతను చూపించాను. నిండా ఎర్రగా ఉంది.

"మిషన్ ఎంత అలిసిందో చూపెట్టెటందుకే మిషన్‌ను అలసగొడుతున్నవ్ గదా!" అన్నాడు. కోపంగా అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "జర తగ్గించు. కస్టమర్ గూసున్నడు" అన్నాడు.

వలయాన్ని తీసేశాను. అప్‌డేట్‌ను మళ్లీ సెకనుకు ఒకసారికి తెచ్చాను. గీత దిగింది. ఆ రోజు నుంచి భాయ్ నాకు మళ్లీ పని చెప్పడం మొదలుపెట్టాడు.

మా అత్తమ్మ అలంపూర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. బిడ్డ పోయిన తర్వాత ఆమె రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది. ఇద్దరికీ మాటలుండేవి కావు.

"తిన్నవా అల్లుడా?"

"తిన్న అత్తమ్మా. నువ్వు?"

"తిన్న. ఎండలెట్లున్నయ్ అక్కడ?"

"ఉన్నయ్."

అంతే. ఫోన్ పట్టుకుని ఇటు నేను, అటు ఆమె ఊరికే ఉండేవాళ్లం. పెట్టెయ్యడానికి ఇద్దరికీ చెయ్యి రాదు. అందుకే వాతావరణం స్కిన్‌లో మహబూబ్‌నగర్ కింద అలంపూర్‌ను కూడా పెట్టాను. వాతావరణం చెప్పే ఒక సైటు నుంచి ఊరి కోడ్‌తో సమాచారం వస్తుంది. అందులోంచి డిగ్రీలు ఎక్కడున్నాయో, ఆకాశం ఎట్లున్నదో ఏరుకుని తెర మీద పెట్టాలి. మరునాడు ఫోన్ రాగానే తెర చూసి, "మీ దగ్గర ముప్పై తొమ్మిది అత్తమ్మా. మబ్బు లేదు" అన్నాను.

"నీకెట్ల తెలుస్తదిరా అయ్యా?"

"కంప్యూటర్‌ల వస్తది."

ఆమెకు అది నచ్చింది. అప్పట్నుంచి పలకరింపు కాగానే, "మా ఊరికి ఎంత జూపెడుతాంది?" అని అడిగేది. నేను చదివేవాణ్ని. అవునవును, గట్లనే ఉన్నది అనేది. మాకు మాట్లాడుకోవడానికి ఒకటి దొరికింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఎప్పటిలాగే చెప్పాను. "ముప్పై తొమ్మిది. ఎండ బాగున్నది, బయటికి పోకు, పైలం."

అవతల పెద్ద చప్పుడు. మొదట ఫోన్ చెడిందనుకున్నాను.

"ఏడి ఎండ అల్లుడా! వాన దంచికొడతాంది. నిన్న గూడ పడ్డది."

"మరి నిన్న చెప్పలేదేంది?"

"నువ్వు ఎండ అంటివి. మల్ల కాదనుడెందుకని ఊకున్న."

తెర చూశాను. ముప్పై తొమ్మిది. మహబూబ్‌నగర్‌కు కూడా అంతకుముందు రోజులవే అంకెలు. మా దగ్గర ఎండ తగ్గలేదు గనుక నాకు అనుమానం రాలేదు. ఆ సైటువాళ్లు కొత్త సమాచారం పెట్టడం ఆపేశారు. అడిగినప్పుడల్లా సైటు పాతదే పంపుతున్నది. అది ఏనాటిదో తేదీ అందులోనే ఉంటుంది. ఆ తేదీని తెర మీదికి తెచ్చుకోవాలని నాకు తట్టలేదు.

"అది పాడైంది అత్తమ్మా," అన్నాను.

"పోనీయ్. నేనే జెప్త గదా." గొంతు కాస్త పెంచింది, వాన చప్పుడుకు. "వాకిట్ల కాలువ పారుతాంది. గోడ మీది పిల్లి లోపటికొచ్చింది. నీ పెండ్లాం చిన్నగున్నప్పుడు వానొస్తాంది, దండెం మీది బట్టలు తీయవే అంటే, బట్టలు తీసి పారేసి అదే దండెం పట్టుకొని ఊగేది. ఒకపారి తాడు తెగి బురదల పడ్డది. నవ్వుకుంటనే లేచింది. నేను కొట్టిన."

ఆ సంగతి నా భార్య నాకెప్పుడూ చెప్పలేదు. ఆమె పోయాక ఆమె గురించి కొత్తగా విన్న మొదటి మాట అది. ఏడుపు వస్తుందేమోనని కనిపెట్టుకుని ఉన్నాను. రాలేదు. ఫోను మాత్రం చెవికి గట్టిగా నొక్కుకుని ఉంది నా చెయ్యి. "ఇంకా?" అన్నాను.

ఆమె వాన తగ్గేదాకా చెప్పింది. కస్టమర్ వస్తే భాయ్ నన్ను చూసి, తనే లేచి వెళ్లాడు.

తర్వాత ఇంకో సైటు వెతికి పెట్టుకున్నాను. దాంట్లో సమాచారం వేరే వరసలో ఉంటుంది గనుక ఏరుకునే సూత్రం మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ఈసారి తేదీ, టైము కూడా కింద చిన్న అక్షరాల్లో వేశాను. కానీ ఫోన్ వచ్చినప్పుడు నేను చదవడం మానేశాను. "మీ దిక్కు ఎట్లున్నది?" అని అడిగేవాణ్ని. ఆమె చెప్పేది. వాతావరణం దగ్గర మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయేది.

చలికాలంలో కండ్లు చూపించుకోవడానికి అత్తమ్మ మహబూబ్‌నగర్‌కు వచ్చింది. డాక్టరు సాయంత్రం రమ్మంటే షాపులో కూర్చోబెట్టాను. చాయ్ తాగుతూ తెర వైపు చూసింది.

"మా ఊరు ఏడున్నది దీంట్ల?"

వేలు పెట్టి చూపించాను. కండ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"బిడ్డ పోయిన్నాడు ఎంతుండె?"

"అప్పుడు ఇది లేదు అత్తమ్మా. ఉన్నా, ఇది పాతవి దాచదు. ఇప్పటిదే చూపెడతది."

"ఎండనే ఉండె," అంది ఆమె. "కాళ్లు కాలినయ్. నాకు యాదికున్నది."

నాకు యాదికి లేదు. ఆ రోజు ఎండగా ఉందో, మబ్బుందో నాకు నిజంగా తెలియదు. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుంది. డాక్టరు దగ్గరికి టైమైందని భాయ్ షట్టర్ సగం దించి ఆటో పిలుచుకొచ్చాడు. ఆమెను మెట్టు దించి ఎక్కించి, పక్కన నేనూ కూర్చున్నాను. దారిలో మందులషాపు కనబడగానే, డాక్టరు రాసే మందులు కొనాలి, తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ ఆపమని ఆటో అతనికి చెప్పింది.