నేను రాయని ఒక్క వాక్యం

తాండూరులో పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేటప్పుడు, పిల్లలు తమ జవాబులు తామే దిద్దుకునేలా ఒక షీటు తయారుచేశాను. నాలుగు మార్కుల ప్రశ్నలో ఏ అంశానికి ఎన్ని మార్కులో, పటానికి ఎన్నో అందులో ఉండేది. వాళ్లు వేసుకున్న మొత్తాలు మాత్రం రాసుకునేవాణ్ణి. జవాబులు చదివేవాణ్ణి కాదు.

పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వచ్చే ఒకమ్మాయి ఎప్పుడూ నాలుగింటికి ఒకటో రెండో వేసుకునేది. పాసైతే చాలనుకునే వాళ్లలో ఆమెను కూర్చోబెట్టి, ఏడాదంతా చిన్న ప్రశ్నలే చదివించాను.

పరీక్షకు ముందురోజు సాయంత్రం ఆమె నోట్‌బుక్ తెరిచాను. చెట్టు పైకి నీరెలా ఎక్కుతుందన్న ప్రశ్నకు, ఆకుల్లోంచి నీళ్లు ఆవిరైపోతుంటే ఆ లాగుడుకు వేళ్ల నుంచి నీళ్లు పైకొస్తాయని రాసింది. పక్కన సున్నా వేసుకుంది.

"గిది కరెక్టే కద బిడ్డా, సున్న ఎందుకేసుకున్నవ్?"

"షీటుల బాష్పోత్సేకం అని ఉంది సార్. గా మాట నేను రాయలే."

సొంత మాటల్లో సరిగ్గా రాస్తే మార్కు ఇవ్వాలి. పబ్లిక్ పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నేను అట్లాగే ఇచ్చేవాణ్ణి. షీటులో ఆ వాక్యం రాయలేదు.

"పెద్ద ప్రశ్నలు ఇప్పుడన్న సూద్దామా?"

"రేపే పరీక్ష కద సార్. ఇగ ఏం సదువుత?"

సున్నా కొట్టేసి, ఆ అంశానికున్న రెండూ వేశాను. ఆమె నా మీద మర్యాద కొద్దీ ఆ అంకెను ఒకసారి చూసి, నోట్‌బుక్ తీసుకొని ఆటో ఎక్కింది.