ఖాళీ నెలలు

ఏలూరులోని ఆ చిన్న స్వచ్ఛంద సంస్థలో కంప్యూటర్ పని చూసేది పెర్సిస్ ఒక్కతే. కొల్లేటి ఊళ్ల తాగునీటి పరీక్షల షీటులో ఊరికో వరుస, నెలకో కాలమ్ ఉన్నాయి. నీళ్ల ట్యాంకర్లు మంజూరు చేసే ఆఫీసు అడిగినట్టు, ఒక్కో ఊరికి ఒక్కో నెల ఒక వరుసయ్యేలా ఆమె దాన్ని ఎక్సెల్‌లో మార్చి పంపింది.

తను పుట్టిన లంక ఊరికి వానాకాలం వరుసలే రాలేదు. దారి మునిగి ఎవరూ పరీక్షకు వెళ్లని నెలలవి. మార్చేటప్పుడు ఖాళీ గడులు రాలిపోయాయి.

"చెడ్డ నీళ్లని ఎక్కడా లేదుగా అండీ, ఆ ఊరికి ట్యాంకర్ ఎందుకు?" అన్నాడు ఫోన్‌లో ఆఫీసాయన.

"నీళ్లు బాగుండి కాదండీ, చూడ్డానికి ఎవరూ రాక."

పాత షీటుకు వెళ్లి, ఖాళీల్లో 'పరీక్ష చేయలేదు' అని నింపి మళ్లీ మార్చింది. ఆ నెలలన్నీ వరుసల్లోకి వచ్చాయి. పంపేసింది. ఫోన్ చేసి చెబుదామంటే, ఆ ఊళ్లో తనవాళ్లెవరూ మిగల్లేదు.