రహస్య లైన్‌లో ఆయన గొంతు

కర్నూలు దాటాక రాళ్లగుట్టల మధ్య ఒక పరీక్షా స్థలం ఉంది. అక్కడ నేను ఇంజినీరుని. శత్రువుల డ్రోన్లను తుపాకీతో కాకుండా రేడియో తరంగాలతో దారి తప్పించే జామర్లను ఆ గుట్టల మీద పెట్టి పరీక్షిస్తాం. చెట్టూ చేమా పెద్దగా లేని నేల, దగ్గర్లో ఊళ్లు తక్కువ. మా పనికి అంతకంటే అనువైన చోటు ఉండదు.

మా ఆయన సైన్యంలో మేజరు. ఆయనదీ ఇంచుమించు ఇదే విద్య. మేము తయారుచేసిన వాటిని సరిహద్దులో వాడే దళం ఆయనది. పెళ్లయిన కొత్తలో ఇది మాకు నవ్వులాటగా ఉండేది. ఆ వేసవిలో సరిహద్దులో దాడులు మొదలయ్యాక నవ్వులాట పోయింది.

దాడులు మొదలైన రోజే ఆయన ఫోను ఆగిపోయింది. ఎందుకో నాకు తెలుసు. వెలిగే ప్రతి ఫోనూ తానెక్కడుందో గాలిలోకి చెబుతూనే ఉంటుంది. వినేవాళ్లు అవతల ఉంటారు. అందుకని దళమంతా ఫోన్లు అప్పగించేస్తుంది. తెలిసినా, మధ్యాహ్నం ఆఫీసు గేటు దగ్గర లాకరులోంచి నా ఫోను తీసుకోగానే మొదట ఆయన పేరే వెతికేదాన్ని.

మా అత్త నా దగ్గరే ఉండేది. మామయ్య ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ పోయాక, క్వార్టరు ఖాళీచేసి కర్నూలు వచ్చేసింది. ఆమెకు చదవడం అంతంతమాత్రం. అందుకే మా ఆయన నాకు అక్షరాలు పంపితే, ఆమెకు మాత్రం మాటలు రికార్డు చేసి పంపేవాడు. అన్నం తిన్నావా, మోకాలు ఎట్లుండాది, ఈడ శానా చలి, ఇలాంటివే. వంట చేస్తూ ఆమె పాతవన్నీ మళ్లీ మళ్లీ పెట్టుకునేది. వంటింట్లో ఆయన ఉన్నట్టే ఉండేది. నేను పక్కగదిలో పుస్తకం పట్టుకుని వినేదాన్ని.

దాడులు మొదలైన వారంలో ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్త గడపలో ఎదురొచ్చింది.

“పాపా, వాణ్ణి చూపిస్తారంట. సైనికుల ఇండ్లోళ్లకని గవర్నమెంటోళ్లు ఫోన్లో మాట పంపినారు. నొక్కినా, గానీ ఏమీ రాల్యా. నువ్వు చూడు.”

ఫోను తీసుకున్నాను. జెండా బొమ్మతో కొత్త యాప్ ఒకటి కూర్చుని ఉంది. మైకు, పరిచయస్తుల నంబర్లు, మనిషి ఉన్న చోటు, అన్నిటికీ అనుమతి తీసేసుకుంది. నెట్టు ఆపి, ఫోను ఆర్పి, మా భద్రతాధికారికి కబురు చేశాను.

మర్నాడు పొద్దున ఇద్దరు వచ్చారు. సైబర్ దాడులు చూసేవాళ్లు. చిన్నవాడు అత్తకు ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

“అమ్మా, ఇది మీ ఒక్కరికే రాలేదు. శానామంది సైనికుల ఇండ్లకు వచ్చింది. ఇంట్లో మాటలు వింటారు. మా వాడు ఫలానా చోట ఉన్నాడని ఎవరో ఒకరు అంటారు కదా, అట్లాంటివన్నీ ఏరుకుంటారు. పైన డ్రోన్లు పంపేవాళ్లకు ఆ మాటలే కావాల.”

“అయితే నా వల్ల వానికేమన్నా అవుతాదా నాయనా?” అంది అత్త.

“మీ అబ్బాయి యాడుండాడో మీకు తెలుసునా?”

“తెల్దు.”

“తెలీకపోవడమే మంచిదైంది. ఫోను మాత్రం మేం తీసుకుపోవాల.”

అత్త కొంగుతో ఫోను తుడిచి ఇస్తూ ఆగింది. “దాంట్లో వాని మాటలుండాయి. అవి పోకుండా ఇస్తారా?”

చూస్తామన్నాడు. ఆ పనిలో అలా అంటే అర్థమేమిటో నాకు తెలుసు. అత్తకు చెప్పలేదు.

ఆ రోజు నుంచి వంటిల్లు చప్పుడు చేయలేదు. అత్త అన్నం వార్చేది, పప్పు ఎనిపేది, పెదవి విప్పేది కాదు.

రెండు మూడు రోజులకు మా ఆఫీసు పెద్దాయన నన్ను లోపలి గదిలోకి పిలిచాడు. సరిహద్దు దళాలతో రహస్య లైన్‌లో సమావేశం. కొన్ని డ్రోన్లు మా జామర్లకు లొంగడం లేదట. పేర్లు ఉండవు, సంకేత నామాలే. ఒక్కో దళం చెబుతోంది. నాలుగో గొంతు మా ఆయనది.

ఇంగ్లిషులో మాట్లాడుతున్నాడు. ఇంట్లో ఎప్పుడూ ఆ భాష ఎత్తని మనిషి. కొంచెం జలుబు చేసినట్టుంది.

“నడిపేవాడితో సంబంధం తెంపినా ఫలితం లేదు. ముందే దారి నూరిపోసి పంపుతున్నారు. దారి చూపే ఉపగ్రహాల సంకేతం మూసినా కొన్ని నేరుగా వస్తున్నాయి. కానీ నిన్న పక్క దళం కూడా అదే సమయంలో జామర్ వేసింది. అప్పుడు ఒకటి ఊగిసలాడి పక్కకు పోయింది.”

నాకు వెంటనే తట్టింది. ఆ డ్రోన్‌కు ఉన్నది ఒక దిక్కు నుంచి వచ్చే గోలకు చెవి మూసుకోగల యాంటెన్నా. రెండు మూడు దిక్కులకూ మూసుకోగలదేమో, అంతకు మించితే దానికీ చేతకాదు. చాలా దిక్కుల నుంచి ఒకేసారి కమ్మేయాలి.

నేను ఆ మాటే చెప్పాను. “అర్థమైంది, మేడమ్,” అన్నాడు ఆయన, పరాయి ఇంజినీరుతో అన్నట్టు.

ఆ ‘మేడమ్’ దగ్గర నాకు కళ్లు మసకబారాయి. నా సలహా ఏమిటో అప్పుడే నాకు పూర్తిగా తెలిసొచ్చింది. జామర్ వేయడమంటే మేమిక్కడున్నామని అరవడమే. ఎన్ని చోట్ల వేస్తే అన్ని చోట్ల మనుషుల ఉనికి బయటపడుతుంది, ఆ తరంగాన్నే పట్టుకుని ఫిరంగి గుండు వచ్చి పడుతుంది. ఎక్కువ చోట్ల వేయమని ఆయనకు చెప్పింది నేనే.

“యాంటెన్నాలను మనుషులకు దూరంగా పెట్టండి,” అన్నాను. “కేబుల్‌తో గుంతలోంచి నడపండి. డ్రోన్ దగ్గరికి వచ్చాకే వేయండి, వెంటనే ఆర్పండి, చోటు మార్చండి.”

“కేబుల్ పొడవు చాలదు,” అన్నాడు.

“పంపిస్తాం,” అన్నాడు మా పెద్దాయన.

అంతే. ఐదో దళం మాట్లాడడం మొదలుపెట్టింది. ఆయన లైన్‌లోనే ఉన్నాడని తెలుసు, ఊపిరి కూడా వినపడలేదు.

ఆ మధ్యాహ్నమే గుట్టల మీద జామర్లను తలో దిక్కునా నిలిపి, అలాంటి యాంటెన్నా కట్టిన మా డ్రోన్‌ను ఎగరేశాం. రెండు జామర్లకు అది చలించలేదు. ఒక్కొక్కటే పెంచుతూ పోయాం. చివరికి దారి తప్పి బండల వైపు వాలింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కేబుల్ చుట్టలు లారీకి ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక అత్త నా మొహం చూసింది.

“ఏందో తెలిసినట్టుండాది నీకు.”

సమావేశం సంగతి ఆమెకు చెప్పకూడదు. “బాగుండాడు అత్తా,” అన్నాను. “అంతకు మించి అడగొద్దు.”

ఆమె నా తల నిమిరింది. కాసేపటికి వంటింట్లోంచి, “వాడు చిన్నప్పుడు జలుబు చేస్తే ముక్కుతో మాట్లాడేవాడు పాపా,” అంటూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను.

కాల్పులు ఆగాయి. ఫోను తిరిగొచ్చింది, ఖాళీగా. అత్త ఒకసారి అటూ ఇటూ తిప్పి అల్మారాలో పెట్టేసింది.

ఆయనకు సెలవు దొరికింది వానలు మొదలయ్యాక. ఆయన దళంలో ఒక యాంటెన్నా మీద గుండు పడిందట. మనుషులు గుంతలో ఉన్నారు కాబట్టి బతికారు. అది చెప్పి ఊరుకున్నాడు. ఇంట్లో టీవీ శబ్దం కూడా ఓర్చుకోలేకపోయాడు.

ముగ్గురం మహానంది పోయాం. కోనేటిలో ఆయన వెల్లకిలా తేలాడు, చెవులు నీళ్లలో మునిగేలా. అత్త మెట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చుంది.

“లెయ్యి నాయనా, సల్లగుండాయి నీళ్లు,” అంది.

ఆయనకు వినపడలేదు. నేను మెట్లు దిగి మోకాలి లోతులో నిలబడ్డాను. పక్కనే ఉన్నాడు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ఆ వేసవిలో కంటే కూడా అప్పుడే ఆయన కోసం ఎక్కువ బెంగపడ్డాను.