నల్ల అంచు ప్రకటన

మా నాన్నకు అచ్చయిన కాగితమంటే గురి. నోటితో చెబితే చెవిన పెట్టని మాటనే అచ్చులో చూస్తే కళ్లకద్దుకునేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రెస్సులో మిషను ముందు నిలబడ్డ మనిషి మరి. వీధిలో అందరికీ ఆయన మిషనాయన.

ఆ ప్రెస్సులో సగం వాటా మావయ్యది, అంటే అమ్మ తమ్ముడిది. బేరాలు తేవడం మావయ్య పని, అచ్చేసి ఇవ్వడం నాన్న పని. మావయ్యవి కోటలు దాటే మాటలు. మామూలుగా అలాంటివాళ్ల కాళ్లు గడప దాటవంటారు. మావయ్యవి దాటేవి, అదే చిక్కు. ఎక్కడెక్కడి ఆర్డర్లో పట్టుకొచ్చి, డబ్బులు తర్వాత ఇస్తారులే అనేవాడు.

నాన్న మోకాళ్లు అరిగాక ఇద్దరూ ఫర్మ్‌ను రద్దు చేసుకుని విడిపోదామనుకున్నారు. ప్రెస్సు మావయ్య ఉంచుకోవాలి, నాన్న వాటా డబ్బు ఇచ్చెయ్యాలి. లెక్క రాసింది నేనే. ఓ ఆదివారం కటింగ్ మిషను బల్ల మీద పుస్తకాలు పరుచుకుని కూర్చున్నాను. మిషన్లకు ధర కట్టాం, కాగితం బండిళ్లు లెక్కపెట్టాం, రావలసిన బాకీల్లో వచ్చేవేవో రానివేవో వేరు చేశాం. బయటివాళ్లకు ఇవ్వాల్సింది ముందు తీసేశాం. ఆ తర్వాత ఇద్దరి పెట్టుబడులూ పోగా మిగిలింది చెరి సగం. నాన్న వంతు ఐదు లక్షలు తేలింది. బయటి అప్పులన్నీ ఇకమీదట మావయ్యే తీరుస్తాడని ఒప్పందంలో రాసుకున్నాం. ఆ అప్పుల్లో పెద్దది కాగితం షావుకారుది, లక్షా ముప్ఫై వేలు. ఆయనుండేది వేరే ఊళ్లో.

"అన్నీ నేను చూసుకుంటాగా బావా" అన్నాడు మావయ్య. నాన్న సంతకం పెట్టాడు.

విడిపోయిన సంగతి నలుగురికీ తెలిసేలా ప్రకటించాలి అని ఎవరో చెప్పారు. నాన్న ముఖం వెలిగింది. ప్రెస్సు మనిషికి ప్రకటన ఒక లెక్కా! మంచి మందం కాగితం తీసి, అక్షరాల సైజు మూడుసార్లు మార్చి, ప్రూఫు నాలుగుసార్లు దిద్ది, హుందాగా ఉంటుందని చుట్టూ నల్ల అంచు వేసి రెండొందల కాపీలు కొట్టాడు. ప్రెస్సు తలుపుకి ఒకటి, వీధి చివర గోడకి ఒకటి, తెలిసిన దుకాణాల్లో తలో ఒకటి. నల్ల అంచు దూరం నుంచి చూసి ఇద్దరు ముసలాళ్లు పరామర్శకు వచ్చారు. నాన్నే తలుపు తీసేసరికి దాహమేసి వచ్చామన్నారు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. వారం రోజులు నవ్వుకున్నాం.

పేపర్లో వేయించొద్దా అని నేనొకసారి అడిగాను. "వాళ్లు వేసేదీ అచ్చే, మనం వేసిందీ అచ్చే. దానికి అంత డబ్బు దండగెందుకు?" అన్నాడు. లెక్కలు రాసేదాన్ని, నాకైనా బుద్ధుండాలి కదా. ఊరుకున్నాను. ఇద్దరి పేర్లూ ఉన్న పాత లెటర్‌హెడ్లు ఇంకో పదిహేను వందలున్నాయి. మంచి కాగితం పారేయడం పాపమని, అయ్యేదాకా వాడుకోమని మావయ్యకు నాన్నే చెప్పాడు.

ఐదు లక్షలూ మేం అద్దెకుంటున్న రెండు గదుల మీద పెట్టాం. ఇల్లుగలాయన అమ్ముతానన్నాడు, బయానాగా ఆ డబ్బు తీసుకున్నాడు. మిగతాది ఏడాదిలోగా బ్యాంకు అప్పు తెచ్చి కట్టి, రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. సొంత గోడకు మేకు కొట్టుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదని అమ్మ ఒకటే మురిసిపోయింది.

పది నెలలకు మావయ్య ప్రెస్సుకి తాళం పడింది. నోటు పుస్తకాల ఆర్డరని నెత్తికెత్తుకున్నాడు, ఇచ్చినవాడు చేతులెత్తేశాడు. మిషన్లు బ్యాంకు తీసుకుపోయింది. మావయ్య ఎక్కడో గుమాస్తాగా చేరాడు, ఒంటి మీది చొక్కా తప్ప ఏమీ లేదు. ఆ తర్వాతి వారం కాగితం షావుకారు పంపిన లాయరు నోటీసు మా ఇంటికొచ్చింది. నాలుగు లక్షల పదివేలు.

"నాకేం సంబంధం?" అన్నాడు నాన్న. ఒప్పందం కాగితం, నల్ల అంచు ప్రకటన రెండూ సంచిలో పెట్టుకుని నన్ను వెంటేసుకుని లాయరు దగ్గరికి బయలుదేరాడు.

లాయరమ్మ రెండూ చదివింది. ప్రకటన కాస్త ఎక్కువసేపు చూసింది.

"బాగా అచ్చేశారండీ. కానీ ఇది చెల్లదు. ఫర్మ్‌ల రిజిస్ట్రారుకు తెలియజేయాలి, గెజిట్‌లో రావాలి, ఓ దినపత్రికలో పడాలి. షావుకారుకు ఉత్తరమైనా రాశారా?"

"లేదమ్మా. మా బావమరిది చెప్పుంటాడనుకున్నా."

"ప్రకటన సరిగ్గా ఇచ్చేదాకా, ఆయన ఫర్మ్ పేరుతో చేసిన అప్పుకు మీరూ బాధ్యులే. మీరు విడిపోయాక తెచ్చిన కాగితం రెండు లక్షల ఎనభై వేలు. అది ఇలా వచ్చి పడింది."

"మరి అంతకుముందుది? అది మావయ్యే తీరుస్తాడని రాసుకున్నాం కదా?" అని నేనడిగాను.

"అది వాళ్లిద్దరి మధ్య మాటమ్మా. షావుకారు ఒప్పుకుని సంతకం పెట్టాడా? లేదు కదా. ప్రకటన ఇచ్చున్నా ఆ లక్షా ముప్ఫై తప్పేది కాదు. ఇద్దరిలో ఎవర్నైనా మొత్తం అడగొచ్చు ఆయన. మీరు కట్టి, ఆ ఒప్పందం చూపించి మీ మావయ్య దగ్గర రాబట్టుకోవచ్చు."

"వాడి దగ్గర ఏముందని" అన్నాడు నాన్న. అరవలేదు. ప్రకటన మడతలు సరిచేసి సంచిలో పెట్టాడు. బస్సులో వస్తుంటే దారిలో ఫలానా దుకాణం బోర్డుకి రంగులు మార్చారని చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మావయ్య మీద, నాన్న మీద, పేపరు ఖర్చు మిగిలిందని ఊరుకున్న నా మీద.

ఇక ఇల్లు కొనలేమని చెబితే ఇల్లుగలాయన అగ్రిమెంటు చింపేసి, ఇరవై వేలు పట్టుకుని మిగతాది ఇచ్చాడు. లాయరమ్మ చెప్పినట్టు పేపరు ప్రకటన, రిజిస్ట్రారు కాగితం ఆ వారమే పెట్టించాం. లేకపోతే ఇంకెవరొస్తారో తెలియదు. తర్వాత నాన్నా నేనూ షావుకారు గోడౌనుకు వెళ్లాం.

షావుకారు చెడ్డవాడేం కాదు. కుర్చీలు వేయించాడు. చెక్కు తీసుకుని, బాకీ తీరిందని రసీదు రాసి, నాన్న చేతిలో పెడుతూ ఆగాడు.

"ఏమనుకోకండి. మీ బావమరిది మాట మీదైతే నేను ఒక్క రీము ఇచ్చేవాణ్ణి కాదు. ఆర్డరు కాగితం మీద మీ పేరుంది, మీరున్నారనే పంపించాను."

నాన్న తలూపాడు. రసీదు అచ్చు కొంచెం వంకరగా పడిందని చెప్పాడు. షావుకారు నవ్వాడు, నాన్న నవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చునుంది. తమ్ముడి వల్ల ఇల్లు పోయిందన్న సిగ్గుతో ఆ వారమంతా ఆమె నాన్న ముఖం చూడలేదు. ఇప్పుడు చూసింది.

"వాణ్ణి నాలుగు తిట్టండి. కనీసం నన్నైనా తిట్టండి. ఇలా ఉంటే నాకు భయంగా ఉంది" అంది.

నాన్న చెప్పులు విడిచి, ఆమె పక్కనే గడప మీద కూర్చున్నాడు.

"కోపం రావాలి కదా. నేనూ చూస్తున్నానే, రావట్లేదు" అన్నాడు.

అమ్మ ఏడ్చింది. ఒకటో తారీఖు కదా, అద్దె డబ్బులు లెక్కపెట్టి నేనే ఇచ్చొచ్చాను.