నా గొంతులో ఆమె మాట

మంచిర్యాలలో ఒక మందుల దుకాణం పైగదిలో నడిచే చిన్న వీడియో ఛానెల్‌లో వార్తలు చదివేది నేనే, వీడియోలు కత్తిరించి అతికించేదీ నేనే. కరెంటు కోతలైనా, కల్లాల్లో తడిసిన వడ్లైనా, గని గేటు ముందు ధర్నా అయినా జనం విన్నది నా గొంతులోనే. సంతలో వంకాయలు బేరమాడితే చాలు, "అక్కా, వార్తలు చదివేది నువ్వే గదా!" అనేవాళ్లు. ధర మాత్రం పైసా తగ్గించేవాళ్లు కాదు. నాకది గర్వంగానే ఉండేది.

ఒకరోజు లక్సెట్టిపేట వైపు నుంచి ఒకామె వచ్చింది. ఆమె భర్త కంకర మిషన్‌లో కూలీ. రోడ్డు మీద ఏదో బండి గుద్ది పోయాడని పోలీసులు కాగితంలో రాశారు. "బండి గుద్దితె నెత్తిల గంత కంకర దుమ్ము ఎట్లొచ్చిందక్కా?" అని ఆమె అడిగింది. ఆమె మాటలను ఆమె ముఖంతోనే వేశాం. దాచుకోవడానికి తనకింకేం మిగల్లేదంది.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట, కొంగు నెత్తిమీదికి లాక్కుని ఒక పెద్దామె మా మెట్లెక్కింది. అదే మిషన్‌లో పని. మిషన్ బెల్టులో ఆ చనిపోయినతని చేయి ఇరుక్కోవడం చూసింది. మిషన్ ఆపి, అతన్ని ట్రాలీలో వేసుకుపోయి రోడ్డు పక్కన పడుకోబెట్టడం కూడా చూసింది.

"నేను జూసిన, జెప్త. నా ముఖం కనవడొద్దు, నా గొంతు ఎవ్వలు గుర్తువట్టొద్దు. మాట మాత్రం మంచిగ ఇనవడాలె" అంది. "నా కొడుకు గా మిషన్లనే టిప్పర్ నడుపుతడు. నేనని తెలిస్తె వాన్ని బతకనియ్యరు బిడ్డా."

"నాకొదిలెయ్ పెద్దమ్మా, ఫికర్ జెయ్యకు" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తెల్లటి పరదా వెనుక కూర్చోబెట్టి రికార్డు చేశాను. ఆమె చివరికి చెప్పింది ఇది: "ట్రాలీల ఏసేటప్పుడు ఆయన కాలు ఇంక కదులుతనే ఉండె. నేను జూసిన. నేను కేక పెయ్యలే."

గొంతు మార్చడం నాకు చిటికెలో పని అనుకున్నాను. కంప్యూటర్‌లో స్వరాన్ని కిందికి దించాను. ఎనిమిది మెట్లు దించితే బావిలో కుండ దొర్లినట్టు మాటలన్నీ ముద్దయిపోయాయి. నాలుగు మెట్లకు తగ్గిస్తే ప్రతి మాటా తేటగా వినిపించింది. ఎవరో మగమనిషి మాట్లాడుతున్నట్టుంది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం చనిపోయినతని భార్య వచ్చింది. సాక్షి దొరికిందని, ఎవరో చెప్పలేనని అన్నాను. మొదటి ముక్క కొంచెం వినిపించాను. అది నా బుద్ధితక్కువ పని. కానీ ఆ బుద్ధితక్కువే మమ్మల్ని కాపాడింది.

నాలుగు వాక్యాలు విని ఆమె నా చేయి పట్టుకుంది.

"ఆపక్కా. గిది మా గల్లీ అత్త గాదా?"

రికార్డు ఆపేశాను. ఎట్లా తెలిసిందని అడిగాను. "మాట మొదలువెట్టే ముందట పండ్ల సందుల కెల్లి గాలి పీలుస్తది. మాట అయినంక 'గంతే' అంటది. గొంతు మగోనిదైతేంది, మనిషి ఆమెనే" అంది. ఎవరికీ చెప్పనని తన బిడ్డ మీద ఒట్టేసి వెళ్లింది.

ఆమె వెళ్లాక నాకింకో అనుమానం వచ్చింది. దించిన స్వరాన్ని అదే నాలుగు మెట్లు పైకి లేపి చూశాను. ఖాళీ గదిలో పెద్దమ్మ మాట్లాడింది. కొంచెం గరగర తప్ప అచ్చం ఆమే. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, నేను చేసింది ఫోనున్న ఎవడైనా విప్పేయగలడు. ఆ వీడియో బయటికి పోయి ఉంటే? పెద్దమ్మ కొడుకు ముఖం కూడా నేను చూడలేదు. అయినా ఆ టిప్పర్ నా కళ్ల ముందు తిరుగుతూనే ఉంది.

పెద్దమ్మకు ఫోన్ చేయకూడదని ముందే అనుకున్నాం. బుధవారం కింది దుకాణంలో బీపీ గోలీలకు వచ్చి, పైకి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "మరి నా మాట ఎవలు జెప్పాలె?" అని మాత్రం అడిగింది.

"నేను చెప్త" అన్నాను.

ఆమె మాటలన్నీ కాగితం మీద రాశాం. ఆమె ఎక్కడ నిల్చుందో, చేతిలో ఏముందో చెప్పే వాక్యాలు కొట్టేశాం. వాటిని ఏ గొంతు చదివినా ఆమె దొరికిపోతుంది. 'గంతే'లు తీసేశాం. కేక పెయ్యలే అన్న మాట కూడా తీసేద్దామా అన్నాను.

"అది తీస్తె నేను జెప్పినట్టే గాదు" అంది గట్టిగా.

ఆలోచిస్తే ఆ మాటలో ప్రమాదం లేదు. అక్కడున్న వాళ్లలో ఎవరూ కేక పెట్టలేదు.

ఆమె ఎదురుగా కూర్చుని ఉంటే నా వార్తల గొంతుతో నెమ్మదిగా చదివాను. ఆ వాక్యం దగ్గర తొమ్మిదిసార్లు ఆగిపోయాను. తెర మీద 'మాటలు సాక్షివి, గొంతు మాది' అని పెట్టాం. పరదా మీది నీడను కూడా తీసేసి అక్షరాలే వేశాం. అసలు రికార్డును కంప్యూటర్‌లో ఎక్కడుంటే అక్కడ చెరిపేసి, చెరిపింది ఎవరూ మళ్లీ బయటికి తీయకుండా కెమెరా కార్డును ధర్నా వీడియోలతో నింపాను. చెరిపే ముందు ఒక్కసారి విందామనిపించింది. వినలేదు.

వీడియో వెళ్లాక కేసును మళ్లీ విచారిస్తున్నామని పోలీసులు చెప్పారు. చనిపోయినతని భార్య మా గదిలోనే కూర్చుని చూసింది. కాలు కదులుతోందన్న మాట వచ్చినప్పుడు ఫోన్ తెరను అరచేత్తో మూసేసింది.

పెద్దమ్మ నెల తర్వాత గోలీలకు వచ్చింది. మిషన్ మేనేజరు అన్నం వేళ అందరినీ నిలబెట్టి, ఆ వీడియో పెట్టి, ఒక్కొక్కరి ముఖం చూశాడట.

"కేక పెయ్యలే అని నువ్వన్నవు సూడు, అప్పుడు ఒక్కడు తల లేపలే బిడ్డా. అందరు కిందికే సూసిండ్రు. ఎవ్వనికి వాడు తననే అంటున్నరనుకున్నడు. గుంపుల నేనొక్కదాన్నా?" అంది. "నీ గొంతుల ఇన్నంక నాకు నిద్రవట్టింది."

నాకు పట్టడం మానేసింది. ఆ కాలును నేను చూడలేదు. అయినా కరెంటు కోతల వార్త చదువుతున్నా ఆ వాక్యం నోటిదాకా వస్తుంది. మింగేసి తర్వాతి వార్తకు పోతాను.

మొన్న సంతలో వంకాయలు బేరమాడుతున్నాను. కూరలమ్మే ఆమె తూకం ఆపి నన్ను తేరిపార చూసింది.

"కాలు కదులుతుంటె సూసుకుంట ఊకున్నది నువ్వే గదా?"

కాదు, నేను చదివానంతే అని నోటిదాకా వచ్చింది. అలా అంటే, మరి ఎవరని అడుగుతుంది. ఆ పక్కనే కొందరు మా వైపు చూస్తున్నారు.

"అవును, నేనే" అన్నాను.