టికెట్ వదలని అమ్మీ

మా అమ్మీ పాలవాణ్ణి నమ్మదు, డాక్టర్ని నమ్మదు, అద్దం చూపించే చీరల కొట్టువాణ్ణి అసలే నమ్మదు. ఆ రోజు సాయంత్రం విజయవాడ బస్టాండు దగ్గరి ట్రావెల్స్ ఆఫీసులో, మా బెంగుళూరు బస్సు బ్రేక్‌డౌన్ అయిందని గుమాస్తా చెప్పగానే ఆమె కళ్లు చిన్నవయ్యాయి.

"బస్సు చెడలేదు. సీట్లు నిండలేదు" అంది నాతో. ఆఫీసులో కూర్చున్నది మాతో కలిపి అయిదారుగురే. నాకూ అదే అనుమానం.

మర్నాడు పొద్దున బెంగుళూరులో అమ్మీ చెల్లెలి, అంటే మా ఖాలా చిన్న కూతురి నికా. పెద్దదాని నికాకు నాకు కామెర్లు వచ్చి వెళ్లలేకపోయాం. అది వంకేనని ఖాలా ఏళ్ల తరబడి మాతో మాట్లాడలేదు. ఈసారి తానే పిలిచింది. ఆర్టీసీలో సీట్లు లేవు. ఎస్టీడీ బూత్ నుంచి చేస్తే ఖాలా ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తలేదు. ఇక నికా అందదు. నాకు ఏడుపొచ్చింది.

"డబ్బులివ్వండి" అంది అమ్మీ.

"క్యాన్సిలేషన్ ఛార్జీ సగం కట్ అవుద్దండి."

"క్యాన్సిల్ చేసింది మేమా, మీరా?"

మిగతా ప్రయాణికులూ గొంతు కలిపారు. గుమాస్తా ఓనరుకు ఫోన్ చేసి, మొత్తం ఇస్తానన్నాడు. "టికెట్ ఇటివ్వండమ్మా."

"టికెట్ ఇవ్వను."

అందరూ డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. అమ్మీ మాత్రం టికెట్ గుప్పిట్లో బిగించి నిలబడింది.

"టికెట్ లేకుండా ఎట్టా ఇస్తానండీ? రేపు ఇదే పట్టుకొచ్చి మళ్లీ అడిగితే? కన్స్యూమర్ కోర్టుకెళ్తే?" ఇప్పుడు అతని కళ్లు చిన్నవయ్యాయి.

నాకు సిగ్గేసింది. "ఇచ్చెయ్ అమ్మీ" అన్నాను.

"ఇచ్చేస్తే మనం బయల్దేరామని మీ ఖాలాకు ఏం చూపించను?" అంది.

గుమాస్తా టికెట్ తన చేతిలోకి తీసుకోకుండా, అమ్మీ పట్టుకునుండగానే దానిమీద అడ్డంగా రాశాడు. బస్సు తామే నడపలేదని, డబ్బు పూర్తిగా వాపసు ఇచ్చామని. రబ్బరు స్టాంపు కొట్టి, తన పుస్తకంలో అమ్మీ చేత సంతకం పెట్టించుకున్నాడు. రాసింది నాచేత రెండుసార్లు చదివించుకున్నాకే ఆమె డబ్బు అందుకుంది.

మర్నాడు రైలెక్కి, నికా అయిన రెండో రోజు చేరాం. పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లిపోయింది. అమ్మీ గుమ్మంలోనే సలాముకన్నా ముందు టికెట్ అందించింది. ఖాలా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తెలుగు చదవడం ఆమెకు రాదు, నేనే చదివి వినిపించాను.

"స్టాంపుదేముంది ఆపా, ఎవరైనా కొట్టిస్తారు" అంది.

ఖాలా లోపలికి వెళ్లి, చెంబులో మంచినీళ్లు తెచ్చి అక్క చేతికిచ్చింది. ఆమె తాగేదాకా అక్కడే నిలబడి, అక్క ముఖంలోకే చూస్తూ ఉంది.