ఎనిమిది మందిలో ఒకరు

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే హైవే పక్కన, మిరప పొడిని విదేశాలకు పంపే ఫ్యాక్టరీ ఒకదానిలో నేను పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. ల్యాబ్ నా చేతి కింద ఉంటుంది. నేను కాక ఎనిమిది మంది. మిర్చి యార్డు నుంచి వచ్చిన కాయల్లో తేమ ఎంత, రంగు ఎంత, కారం ఎంత అని కొలుస్తాం. పొడిలో బూజు వల్ల పుట్టే విషం హద్దు దాటిందేమో చూస్తాం. ఈ చివరి పరీక్ష దగ్గరే మాకు భయం ఎక్కువ. అందులో తప్పితే కంటైనర్ అవతలి దేశపు రేవులో ఆగిపోతుంది.

అందుకే ల్యాబ్‌లో ఒక పుస్తకం పెట్టాను. ఎవరి చేతిలో ఏ పొరపాటు జరగబోయినా, జరిగి సర్దుకున్నా అందులో రాయాలి. రాసినవాళ్ళను ఏమీ అననని మొదట్లోనే చెప్పాను, అనలేదు కూడా. ఏడాది తిరిగేసరికి అందరికీ అలవాటైంది. సోమవారం ఉదయం టీ తాగుతూ ఆ వారం రాసినవి గట్టిగా చదువుకునేవాళ్ళం. త్రాసు సున్నా మీద ఉందో లేదో చూసుకోకుండా తూచానని ఒకరు రాస్తే, నేనూ పోయిన వారం అదే చేశానని ఇంకొకరు ఒప్పుకునేవారు. నవ్వుకునేవాళ్ళం. పని కూడా మెరుగైంది.

తర్వాత మా కంపెనీని పెద్ద సంస్థ ఒకటి కొంది. యూనిఫాం మారింది, క్యాంటీన్ మారింది, అప్రైజల్ పద్ధతి మారింది. అంతకుముందు అందరి గురించీ నేను నాలుగు మాటలు రాసి ఇస్తే సరిపోయేది. ఇప్పుడు ఒకటి నుంచి ఐదు దాకా రేటింగ్. హెచ్ఆర్ ఆఫీసర్ వచ్చి బోర్డు మీద గంట ఆకారంలో గీత గీశాడు. వంద మందిలో పదిహేను మంది పైన, పది మంది కింద, మిగతావాళ్ళు నడుమ ఉండాలన్నాడు. అందరూ బాగా చేస్తే ఎలా అని అడిగాను. అలా ఎక్కడా ఉండదు మేడం, ఉందంటే మేనేజర్ సరిగ్గా చూడట్లేదని అర్థం, అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

అప్రైజల్‌లో మొదటి మెట్టు ఎవరి గురించి వాళ్ళు కంప్యూటర్‌లో రాసుకోవడం. అందులో ఒక గడి, ఈ ఏడాది ఏం సరిగ్గా జరగలేదు, దాన్నుంచి ఏం నేర్చుకున్నారు అని. మా వాళ్ళు వచ్చి ఏం రాయమంటారు అని అడిగారు. ఉన్నదే రాయండి, మన పుస్తకంలో రాసినట్టే, దీనివల్ల ఎవరికీ నష్టం లేదు అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఎవరూ నా చేత అనిపించలేదు.

చీరాల నుంచి రోజూ రైలెక్కి వచ్చే అమ్మాయి ఒకామె మా ల్యాబ్‌లో ఉంది. అమ్మాయి అంటున్నాను కానీ ముప్పై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లో మగ్గాలు. నాన్న నేతలో పోగు తెగితే ఆపి, ముడి వేసి, మళ్ళీ మొదలుపెట్టేవాడట. ఈమెదీ అదే తరహా పని. అంతకుముందు అక్టోబరులో ఆమె రెండు శాంపిల్ సీసాల చీటీలు తారుమారు చేసింది. మర్నాడు పొద్దున అంకెలు చూసి అనుమానం వచ్చి, ఎవరూ అడక్కుండానే రెండూ మళ్ళీ పరీక్షించి, నా దగ్గరికొచ్చి చెప్పింది. లారీ ఇంకా గేటు దాటలేదు. రిపోర్టు మార్చాం, అంతే. ఆ రోజు నుంచి చీటీ మీద ఇద్దరి సంతకాలు ఉండాలనే పద్ధతి కూడా ఆమే పెట్టించింది. ఆ గడిలో ఇదంతా రాసింది. వివరంగా, తేదీతో సహా.

నేను ఎనిమిది మందిలో ఇద్దరికి నాలుగు, ఆరుగురికి మూడు వేసి పంపాను. ఒకటీ రెండూ ఎవరికీ వేయలేదు. నాలుగు వేసిన ఇద్దరిలో ఆమె ఒకరు.

ఏప్రిల్ రెండో వారంలో మీటింగ్ పెట్టారు. నార్మలైజేషన్ అన్నారు, అంటే అందరి రేటింగులనూ ఆ గంట గీతకు సరిపెట్టడం. ప్లాంట్ హెడ్, హెచ్ఆర్ ఆఫీసర్, ఆరు డిపార్ట్‌మెంట్ల పెద్దలం. గోడ మీద స్క్రీన్, స్క్రీన్ మీద అరవై పేర్లు. ఒకటీ రెండూ పడే కింద మెట్టుకు ఆరుగురు కావాలి, ఐదుగురే వచ్చారు. ఆ ఒక్క గడి ఎర్రగా కనబడుతోంది. ప్రొడక్షన్ ఆయన ఈ సీజన్ టార్గెట్ దాటించాం కాబట్టి నా దగ్గర్నుంచి ఒకరికి మించి రారన్నాడు. మెయింటెనెన్స్ ఆయన, తాను ఇద్దరిని ఇచ్చానని గుర్తుచేశాడు. ఇచ్చాను అనే మాటే వాడాడు. ఆ గదిలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. అందరూ నావైపు చూశారు.

నా వాళ్ళ పని గురించి చెప్పుకొచ్చాను. ఏడాదిలో ఒక్క కంటైనర్ తిరిగి రాలేదన్నాను. ప్లాంట్ హెడ్ విన్నాడు. మొత్తం ల్యాబ్ బాగుందని ఎవరూ కాదనట్లేదు, లోపల ఎవరు ఎవరికంటే వెనక అనేదే ప్రశ్న అన్నాడు. ఎనిమిది మందిలో ఒకరు వెనక ఉండక తప్పదు కదా అన్నాడు. ఎవరో ఒకరు ఎప్పుడూ చివరే ఉంటారు, ఎంత మంచివాళ్ళను వరసలో నిలబెట్టినా.

హెచ్ఆర్ ఆఫీసర్ మా వాళ్ళు రాసుకున్నవి ఒక్కొక్కటే తెరిచాడు. ఏడుగురి గడుల్లో చిన్నచిన్నవే ఉన్నాయి, ఆలస్యంగా రావడం, రిజిస్టర్ నింపడం మరచిపోవడం. ఆమెది తెరిచి ఆగాడు.

"ఇక్కడ ఆవిడే రాసుకుందిగా మేడం. శాంపిల్ తారుమారు. ఇది చాలు."

అది బయటపెట్టింది ఆమేనని, పద్ధతి మార్చింది ఆమేనని చెప్పాను. నాలుగు వేయాల్సిన మనిషికి రెండు ఎలా వేస్తామన్నాను. అతను ఇంకో పేరు చూపించాడు. మా ల్యాబ్‌లో అందరికంటే పాతవాడు, ముస్లిం పెద్దాయన, నాకు పని నేర్పింది ఆయనే. గుండె ఆపరేషన్ అయి ఆ ఏడాది రెండు నెలలు సెలవులో ఉన్నాడు. హాజరు తక్కువ కాబట్టి ఆ గడిలో ఆయన్ని వేసినా సరిపోతుందన్నాడు.

"ఆయన్నైనా వేద్దాం, ఆవిణ్ణైనా వేద్దాం. మీ ఇష్టం మేడం. ఖాళీ మాత్రం ఉంచలేం."

ఎవరినీ ఇవ్వనంటే ఏమవుతుందని అడిగాను. అప్పుడు మేమే ఎంచుతాం, తేడా చూపలేని మేనేజర్ అని మీ రేటింగ్‌లో రాయాల్సొస్తుంది అన్నాడు ప్లాంట్ హెడ్. నా రేటింగ్ గురించి నేను భయపడలేదని చెప్పాలనుంది. కొంచెం భయపడ్డాను. కానీ ఎక్కువగా ఆ పెద్దాయన కళ్ళ ముందు మెదిలాడు. ఆమె చిన్నది, తట్టుకుంటుందిలే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. స్క్రీన్ మీద నాలుగు రెండుగా మారింది. ఎర్ర గడి తెల్లబడింది. టీ వచ్చింది.

రేటింగ్ ఉత్తరాలు ఇచ్చే ముందు మేనేజర్లకు ఒక కాగితం పంపారు, ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అని. గంట గీత గురించి ఎత్తకూడదు. మీటింగ్ నిర్ణయం అనకూడదు. ఇది నా అంచనా అనే చెప్పాలి.

మధ్యాహ్నం క్యాంటీన్ ఖాళీ అయ్యాక ఆమెను నా గదికి పిలిచాను. ఉత్తరం చదువుకుంది. రెండోసారి చదువుకుంది. ఈ ఏడు ఇంక్రిమెంట్ లేదని, మూడు నెలలు వారం వారం పని సమీక్ష ఉంటుందని అందులో ఉంది. నేను కాగితంలో ఉన్నట్టే మొదలుపెట్టాను, నా అంచనా ప్రకారం అని.

"ఎక్కడ తగ్గానో చెప్పండి మేడం. మార్చుకుంటాను," అంది.

జాగ్రత్త పెంచుకోవాలి అన్నాను. దేనిలో అంది. శాంపిళ్ళ దగ్గర అన్నాను. ఆమెకు అర్థమైంది. కాసేపు ఉత్తరాన్ని మడతపెట్టి విప్పుతూ కూర్చుంది.

"నేను రాయకపోతే ఇది వచ్చేదా మేడం?"

కాగితంలో దీనికి జవాబు లేదు. వచ్చేది కాదేమో అన్నాను. ఆమె తలూపింది. ఏడవలేదు, కోప్పడలేదు. రైలు టైమైందని లేచింది. ఆ పూట ఇంకా గంటన్నర డ్యూటీ ఉంది, అయినా వెళ్ళమన్నాను.

మూడు నెలల సమీక్షలూ నేనే చేశాను. ప్రతి శుక్రవారం ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. తప్పు లేని మనిషికి ఏం మెరుగుపడిందో రాయాలి. శాంపిళ్ళ గుర్తింపులో పురోగతి ఉంది అని రాసేదాన్ని. ఆమె చదివి సంతకం పెట్టేది. ఒక శుక్రవారం, మీటింగ్‌లో జరిగింది మొత్తం చెప్పేశాను, పెద్దాయన సంగతి తప్ప. ఆమె విని, మీరు మాత్రం ఏం చేస్తారు మేడం అంది. ఆ మాట నన్ను ఓదార్చడానికే అందని తెలుసు. తిట్టినా బాగుండేది.

ల్యాబ్‌లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలిసింది. పుస్తకంలో మే నెల పేజీ ఖాళీగా ఉంది. జూన్‌లో నేను చేసిన పొరపాటు ఒకటి నేనే రాశాను, వాళ్ళకు ధైర్యం వస్తుందని. ఎవరూ కదల్లేదు. మీరు రాసినా మీకెవరు రెండు వేస్తారు మేడం అని ఒకతను నవ్వుతూనే అన్నాడు. సోమవారం టీ మానేశాం, మానేద్దామని ఎవరూ అనలేదు. ఒకరి అంకె ఇంకొకరు సరిచూసే అలవాటు పోయింది. ఎవరి తూకాన్ని వాళ్ళు ఫోన్‌లో ఫోటో తీసుకుని దాచుకుంటున్నారు. ఒక్కొక్కరినీ పిలిచి ఏదైనా ఇబ్బందా అని అడిగితే, అంతా బాగుంది మేడం. ఎవరిని అడిగినా అదే.

పెద్దాయనకు మాత్రం ఏదో అనుమానం వచ్చింది. "నా బదులు ఆ అమ్మాయిని వేశారా అమ్మా?" అని అడిగాడు ఒకరోజు. లేదన్నాను. అబద్ధమని ఆయనకు తెలిసిందనుకుంటాను. సెప్టెంబరులో ఆరోగ్యం పేరు చెప్పి మానేశాడు.

ఆయన స్థానంలో ఒంగోలు నుంచి కొత్తగా ఒక అమ్మాయిని తీసుకున్నాం. కొత్తవాళ్ళకు ఆరు నెలలు నిండితే చాలు, రేటింగ్ వేయాలి. చీరాల ఆమెకే పని నేర్పమని అప్పజెప్పాను. నేర్పింది, పుస్తకంలో ఉన్న పద్ధతి అంతా. ఒకరోజు రంగు పరీక్షలో ఆ కొత్తమ్మాయి అంకెలు రోజూ కొంచెం ఎక్కువ రావడం చూశాను. పొడిని నానబెట్టిన సీసాను వెలుతురు తగలకుండా చీకట్లో పెట్టాలి, లేదంటే రంగు వెలిసిపోతుంది, అంకె తగ్గుతుంది. ఈ కొత్తమ్మాయికి పెరుగుతోంది. సరిగ్గా చూస్తే, రంగు కొలిచే గాజు గిన్నెను ప్రతిసారీ శుభ్రంగా తుడవట్లేదు, అంటుకున్న పాత రంగు కూడా అంకెలో కలుస్తోంది. మిగతావాళ్ళు అందరూ అది చూస్తూనే ఉన్నారు.

చీరాల ఆమెను పక్కకు పిలిచి, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఈసారి తనే కదా మేడం," అంది. గొంతులో పగ లేదు. పైన ఆకాశం మబ్బుగా ఉందని చెప్పినట్టు చెప్పింది. "కింద ఎవరో ఒకరు ఉండాలిగా. మాకు పిల్లలున్నారు."

నేను కోప్పడలేకపోయాను. గిన్నె ఎలా తుడవాలో నేనే వెళ్ళి కొత్తమ్మాయికి చూపించాను. ఆమె శ్రద్ధగా నేర్చుకుంది, థాంక్స్ చెప్పింది, అప్పటిదాకా చేసినవన్నీ మళ్ళీ చేస్తానంది. ఈ పొరపాటు ఎక్కడైనా రాయాలా మేడం అని అడిగింది.

వద్దులే అన్నాను.